20 ఏళ్ల ఎండోమెంట్ పాలసీ మెచ్యూర్ అయింది, అసలు ఏడాదికి ఎంత శాతం వచ్చినట్టు?

పెదకాకాని_రాజు: 2005లో తీసుకున్న పాలసీ మొన్న చేతికొచ్చింది. సమ్ అష్యూర్డ్ 5 లక్షలు, ఏడాదికోసారి 26,000 చొప్పున 20 సార్లు కట్టాను. బోనస్ 4,40,000, చివర్లో అదనపు బోనస్ 30,000, మొత్తం 9,70,000 వచ్చింది. కట్టింది 5,20,000. ఏజెంటు గారు "86 శాతం లాభం సార్" అని స్వీట్ బాక్స్ ఇచ్చి వెళ్లారు. ఏడాదికి ఎంత పడిందో చెప్పగలరా?

వడ్డీ_లెక్క: 5.20 లక్షలు 20 ఏళ్లలో 9.70 అయింది. చక్రవడ్డీ లెక్కన 3.17 శాతం. సేవింగ్స్ ఖాతాతో సమానం. స్వీట్లు తిని మర్చిపోండి.

పాత_క్యాషియర్: అయ్యా, 5.20 లక్షలూ మొదటి రోజే కట్టేశారా? ఆఖరి 26,000 ఒక్క ఏడాదే అక్కడుంది. ఒక్కో వాయిదాకి ఒక్కో వయసు. ఎక్సెల్‌లో ఇలా వేయండి:

```
=RATE(20,-26000,0,970000)
```

6.13 శాతం వస్తుంది. ముప్పై ఏళ్లు బ్యాంకులో లోన్ల సీటులో కూర్చున్నాను, నాకు ఈ లెక్క కొత్త కాదు.

సున్నా_ఒకటి: లోన్ల సీటు అలవాటే ఇక్కడ తప్పు చేయించింది సార్. ఈఎంఐ నెల గడిచాక కడతాం. ప్రీమియం ఏడాది మొదట్లోనే కడతాం. చివర 1 పెట్టకపోతే మొదటి వాయిదా 19 ఏళ్లే ఉన్నట్టు, ఆఖరిది అసలు ఒక్కరోజూ లేనట్టు లెక్కవుతుంది.

```
=RATE(20,-26000,0,970000,1)
```

5.62 శాతం. రాజు గారికి జవాబు ఇదే.

పాత_క్యాషియర్: అర శాతానికి ఇంత రాద్ధాంతమా?

సున్నా_ఒకటి: అదే అర శాతం డిపాజిట్ మీద తగ్గిస్తే మీ కౌంటర్ దగ్గర కస్టమర్ ఊరుకునేవాడా?

పాత_క్యాషియర్: మర్యాదగా మాట్లాడు బాబూ. నా సర్వీసంత లేదు నీ వయసు.

నర్సాపురం_లక్ష్మి: మీ శాతాల సంగతేమో గానీ, మావారు పాలసీ తీసుకున్న నాలుగో ఏడాదే పోయారు. కట్టింది లక్ష లోపు, వచ్చింది 5 లక్షల పైన. పిల్లాడి చదువు దాంతోనే అయింది. అందులో వడ్డీ ఎవరు వెతుకుతారండీ?

సున్నా_ఒకటి: అక్కా, మీ మాట కాదనను. ఆ రక్షణకి అయ్యే ఖర్చు కూడా ప్రీమియంలోనే పోతుంది కాబట్టి ఈ 5.62ని పీపీఎఫ్ వడ్డీ పక్కన నేరుగా పెట్టడం అన్యాయమే. కాకపోతే అంతే రక్షణ టర్మ్ పాలసీలో చాలా తక్కువకి దొరికేది.

వడ్డీ_లెక్క: నాకు ఎర్రర్ వస్తోంది. #NUM! అంటోంది. అందుకే ఈ ఫార్ములాలు నమ్మను.

సున్నా_ఒకటి: 26,000 ముందు మైనస్ పెట్టారా? జేబులోంచి పోయేది మైనస్, వచ్చేది ప్లస్.

వడ్డీ_లెక్క: ...పెట్టలేదు. సరే, 3.17 వెనక్కి తీసుకుంటున్నా.

ఆర్నెల్ల_వాయిదా: నాది ఆర్నెల్లకోసారి, మధ్యలో రెండుసార్లు లేటు ఫీజు కూడా కట్టాను. నాకు ఇది పనికిరాదుగా?

సున్నా_ఒకటి: రసీదుల మీది తేదీలు ఒక కాలమ్‌లో, ఫీజుతో కలిపి కట్టిన సొమ్ము మైనస్‌తో పక్క కాలమ్‌లో వేసి, చివరి వరుసలో మెచ్యూరిటీ రాసి XIRR వాడండి.

ఖమ్మం_కిరాణా: అన్నా, సరిగ్గా ఇదే 26,000 పాలసీ నాది. 8 ఏళ్లు కట్టిన. 5.62 అని చూసినంక మనసు విరిగింది. సరెండర్ చేస్తే 1,40,000 ఇస్తమన్నరు. తీసేయమంటారా?

పాత_క్యాషియర్: కట్టింది 2,08,000, వచ్చేది 1,40,000. 68 వేలు నష్టం. ససేమిరా వద్దు.

సున్నా_ఒకటి: సార్ చెప్పిన సలహా మంచిదే, కారణం మాత్రం కాదు. ఆ 68 వేలు కొనసాగించినా ఆపినా తిరిగి రావు. ఇవాళ్టి నుంచి చూడండి. సరెండర్ చేయకపోవడమంటే ఇవాళ 1,40,000 మళ్లీ అందులో పెట్టడమే. దాని మీద ఇంకో 12 వాయిదాలు.

```
=RATE(12,-26000,-140000,970000,1)
```

9 శాతం పైనే వస్తుంది. మొదటి ఏళ్లలో కమీషన్‌కీ ఖర్చులకీ పోయేది పోయింది కాబట్టి మిగిలిన ప్రయాణం బాగుంటుంది.

ఖమ్మం_కిరాణా: అదే పాలసీ, ఆయనకు 5.62, నాకు 9? గమ్మత్తుగుంది.

పాత_క్యాషియర్: ఆ 9,70,000 రాజు గారికి వచ్చింది. ఈయనకీ అంతే వస్తుందని ఎవరు చెప్పారు? బోనస్ ఏటా ప్రకటిస్తేనే లెక్క. రాజు గారికి సమ్ అష్యూర్డ్‌లో వెయ్యికి ఏటా 44 పడింది, అది కాస్తా 35 అయితే?

సున్నా_ఒకటి: ఇది ఒప్పుకుంటాను సార్. ఖమ్మం అన్నా, ఇప్పటిదాకా జమైన బోనస్ ఎంతో బ్రాంచిలో రాయించుకో. మిగతా 12 ఏళ్లకి వెయ్యికి 35 వేసి, చివరి అదనపు బోనస్ సున్నా పెట్టి మళ్లీ చెయ్యి.

పెదకాకాని_రాజు: ఇంతకీ ఈ 9.70 లక్షలకి ట్యాక్స్ ఉందా? ఏజెంటు గారు కొత్త పాలసీ ఫారం కూడా పెట్టి వెళ్లారు.