2^x > x² ఏ x విలువలకు? గ్రాఫ్‌లో మూడో ఖండన బిందువు దగ్గర ఆగిపోయాను

అందరికీ నమస్కారం. 2^x > x² అయ్యే వాస్తవ సంఖ్యలన్నీ కనుక్కోవాలి. ముందు చిన్న పూర్ణాంకాలు వేసి చూశాను. x = 0 కి 1, 0; x = 1 కి 2, 1. రెండు చోట్లా 2^xదే పైచేయి. x = 2 దగ్గర రెండూ 4, సమానం. x = 3 దగ్గర 8, 9 వచ్చి తిరగబడింది. x = 4 దగ్గర మళ్లీ సమానం, 16. x = 5 కి 32, 25.

దీంతో జవాబు x < 2 లేదా x > 4 అని రాసేశాను. తప్పన్నారు! తర్వాత x = -1 వేస్తే 1/2, 1 వచ్చాయి. అంటే ఎడమవైపు కూడా ఒక ఖండన ఉంది, నేను గ్రాఫ్‌ను సున్నా నుంచే గీశాను కాబట్టి కనపడలేదు. -0.76 దగ్గర 2^x సుమారు 0.590, x² 0.578. -0.77 దగ్గర 0.586, 0.593. కాబట్టి ఆ బిందువు ఈ రెంటి మధ్యే ఉంది. దాన్ని a అనుకుంటే జవాబు a < x < 2 లేదా x > 4 అవుతుంది.

x < 0 అయితే 2^x పెరుగుతుంది, x² తగ్గుతుంది, కనుక అక్కడ ఒకే ఖండన అని ఒప్పుకుంటాను. నా సందేహం కుడివైపు గురించి. 4 దాటాక అవి మళ్లీ కలవవని గ్రాఫ్ చూసి చెబితే సరిపోదు కదా? రెండువైపులా లాగరిథమ్ తీసుకుంటే x log 2, 2 log x వస్తాయి. ఒకటి సరళరేఖ, రెండోది కిందికి వంగే వక్రం. రేఖ అలాంటి వక్రాన్ని రెండుసార్లకు మించి ఖండించదు అంటే నిరూపణ పూర్తయినట్టేనా? అలాగే a కి భిన్నం రూపంలో కచ్చితమైన విలువ ఉంటుందా, లేక దశాంశాలతోనే సరిపెట్టుకోవాలా?