ఇంగ్లండ్‌లోని రీడింగ్‌కి కొత్త: వీలునామా లేకపోతే మా పాపకి వాటా ఉంటుందా?

కొత్తగా రీడింగ్: అందరికీ నమస్కారం. మా ఇద్దరికీ ఇది రెండో పెళ్లి. ఆయన మొదటి భార్య పోయారు, వాళ్ల బాబుకి పద్నాలుగేళ్లు. నా మొదటి పెళ్లి పాపకి తొమ్మిది. రీడింగ్ ఇల్లు, కూకట్‌పల్లి ఫ్లాటు రెండూ ఆయన ఒక్కరి పేరునే ఉన్నాయి. వీలునామా లేదు. ఆయనకేమైనా అయితే పాపకి ఏమైనా వస్తుందా?

హౌన్స్లో అక్క: పాప మీద ఆయనకి పేరెంటల్ రెస్పాన్సిబిలిటీ వచ్చేలా కాగితం రాయించుకో అమ్మా. స్కూల్లో కూడా ఆయన పేరే ఇవ్వు. ఇక ఆ పిల్ల ఆయన బిడ్డే.

లెస్టర్ మామయ్య: అక్కగారు చెప్పిన కాగితం మంచిదే, కానీ అది స్కూలు, ఆసుపత్రి నిర్ణయాలకి పనికొస్తుంది. ఆస్తికి కాదు. ఇంగ్లండ్‌లో వీలునామా లేకుండా పోతే సవతి పిల్లలు వారసుల వరసలోనే ఉండరు, ఎన్నేళ్లు పెంచినా సరే. చట్టప్రకారం దత్తత చేసుకుంటేనే సొంత బిడ్డతో సమానం. దానికి పాప మీతో కనీసం ఆరు నెలలు కలిసి ఉండాలి, కోర్టుకి వెళ్లే మూడు నెలల ముందే కౌన్సిల్‌కి తెలపాలి. పాప సొంత తండ్రి ఉంటే ఆయన సంగతి కూడా తేలాలి.

లెక్క చూడండి. అప్పులు పోను ఇక్కడ 4,22,000 పౌండ్లు మిగిలాయనుకోండి. మీరు ఆయన తర్వాత 28 రోజులు బతికి ఉంటే మొదట 3,22,000 మీవి (2023 జులై 26 నుంచి ఇదీ అంకె). మిగిలిన లక్షలో సగం మీకు, సగం బాబుకి. అంటే మీకు 3,72,000, బాబుకి 50,000. బాబు డబ్బు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ట్రస్టీల చేతిలో ఉంటుంది. పాపకి సున్నా. తర్వాత మీరూ వీలునామా లేకుండా పోతే మీదంతా పాపకే, అప్పుడు బాబుకి సున్నా. ఎవరు ముందు పోతారన్నదాని మీదే పిల్లల గతి ఆధారపడుతుంది.

ఇల్లు మీ ఇద్దరి పేర్లకీ మార్పిస్తే ఇంకో చిక్కు. ఉమ్మడిగా ఉంటే ఒకరు పోగానే ఇల్లంతా రెండోవారిదే, వారసుల లెక్కలోకి రాదు. ల్యాండ్ రిజిస్ట్రీ కాపీలో `No disposition by a sole proprietor` అని మొదలయ్యే వాక్యం ఉంటే సాధారణంగా ఎవరి వాటా వారిదని అర్థం.

హౌన్స్లో అక్క: కోర్టులో అడగొచ్చు కదండీ? ఎవరో గెలిచారని విన్నాను.

లెస్టర్ మామయ్య: నిజమే. కుటుంబంలో బిడ్డలా పెంచారని చూపించి 1975 చట్టం కింద అడగొచ్చు. కానీ ఆస్తి పంచడానికి అధికారమిచ్చే గ్రాంట్ కాగితం వచ్చిన ఆరు నెలల్లోపు వేయాలి, పోయినాయన ఇంగ్లండ్ లేదా వేల్స్ డొమిసైల్ అయి ఉండాలి. ఇక్కడే మనవాళ్లు జారిపడతారు.

గుంటూరబ్బాయి: నాదీ ఇదే గొడవ సార్. గుంటూరులో మా పిన్ని (నాన్న రెండో భార్య) పోయింది. పిల్లల్లేరు, నాన్న ముందే పోయారు. ఇల్లు ఆవిడ పేరున ఉంది. నాకు వస్తుందా?

లెస్టర్ మామయ్య: రీడింగ్ అమ్మాయి అడిగింది వేరే, సరే. మీ పిన్నికి ఇల్లు ఎలా వచ్చిందో చూడు. సొంత డబ్బుతో కొన్నా, మీ నాన్న నుంచి వచ్చినా, హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ ప్రకారం భర్త వారసులకి, అంటే నీకు వస్తుంది. ఆవిడ తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిందైతే ఆవిడ తండ్రి వారసులకి పోతుంది, నీకు రాదు. పాత దస్తావేజు తీయించు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో పేరుందని వాటా పుట్టదు.

రీడింగ్ అమ్మాయ్, కూకట్‌పల్లి ఫ్లాటుకి ఈ దేశం చట్టం వర్తించదు. ఆయన సొంతంగా కొన్నదైతే మీకు, బాబుకి, మీ అత్తగారు ఉంటే ఆవిడకీ సమానంగా మూడు వాటాలు. అత్తగారిని అందరూ మర్చిపోతారు. పాపకి అక్కడా లేదు. మీ వాటా మాత్రం మీ తర్వాత పాపకి చేరుతుంది.

కొత్తగా రీడింగ్: అత్తగారు ఉన్నారు. ఆయన వచ్చి నాలుగేళ్లే, రిటైరయ్యాక హైదరాబాదే అంటారు. మరి ఆ డొమిసైల్?

లెస్టర్ మామయ్య: వీసా, పాస్‌పోర్టు కాదు, మనసులో ఎక్కడ స్థిరపడాలనుందన్నదే చూస్తారు. ఆ మాట ప్రకారం ఇండియాయే అనిపిస్తుంది, కోర్టు ఏమంటుందో ఖాయంగా చెప్పలేం. అలా తేలితే ఇంటికి ఇక్కడి లెక్కే, బ్యాంకు డబ్బుకి మాత్రం ఇండియా లెక్క, అదీ మూడు వాటాలే. 1975 దారి పాపకి మూసుకుపోతుంది. అందుకే వీలునామా రాయండి. ‘పిల్లలు’ అని వదిలేస్తే పాప అందులోకి రాదు, పేరు పెట్టి రాయించండి. ఇద్దరు సాక్షులు ఒకేసారి ఎదురుగా ఉండాలి. వాటా వచ్చేవాళ్లు, వాళ్ల భార్యాభర్తలు సాక్షులు కాకూడదు.

హౌన్స్లో అక్క: ఇండియా ఫ్లాటుకి విడిగా ఇంకోటి రాయించుకో అమ్మా.

లెస్టర్ మామయ్య: ఈసారి అక్కగారిదే కరెక్టు. కాకపోతే రెండోదానిలో ‘ఇంతకుముందు రాసినవన్నీ రద్దు’ అన్న అచ్చువాక్యం ఉంటే మొదటిదాన్ని కొట్టేస్తుంది. ‘ఇండియా ఆస్తులకి సంబంధించినంతవరకే’ అని రాయించండి.