పోలీసుల ముందు నేరం ఒప్పుకుంటే కోర్టులో ఎందుకు చెల్లదు?

శ్రీలత: నిందితుడు నేరం ఒప్పుకున్నాడని ప్రెస్‌మీట్‌లో చెబుతారు. తీరా కోర్టుకెళ్లాక అది పనికిరాదంటారు. మనిషి తన నోటితో చెప్పినదాన్ని ఎందుకు తీసుకోరు? ఇప్పుడు వీడియోలు తీస్తున్నారు కదా, ఈ నియమం ఇంకా అవసరమా?

కిరణ్: అవసరం లేదనే నేనంటాను. 1872 నాటి నియమం అది. 2024 జులైలో కొత్త సాక్ష్య చట్టం అమల్లోకి వచ్చినా దాన్ని అలాగే ఉంచారు. స్టేషన్‌లో చెప్పింది ఏదీ చెల్లదంటే ఇక పోలీసులు ప్రశ్నించడం దేనికి?

భాస్కరరావు (లాయర్): కిరణ్ గారూ, సగం వరకు మీ మాట నిజం. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు చెల్లదు. కస్టడీలో ఉండగా ఇంకెవరికి చెప్పినా, మేజిస్ట్రేటు ఎదుట అయితే తప్ప చెల్లదు. కానీ ‘ఏదీ చెల్లదు’ అనడం సరికాదు. నిందితుడు చెప్పడం వల్ల ఏదైనా బయటపడితే, దానికి నేరుగా సంబంధించిన ముక్కను కోర్టు తీసుకుంటుంది. పాత 27వ సెక్షన్ ఇదే, ఇప్పుడు 23వ సెక్షన్‌లో ఉంది.

ఆ ముక్క ఎంతవరకో తేల్చింది మన గుంటూరు సెషన్స్ కోర్టు నుంచి వెళ్లిన కేసే. పులుకూరి కోటయ్య కేసులో, అప్పట్లో మనకు పైకోర్టుగా లండన్‌లో ఉన్న ప్రివీ కౌన్సిల్ 1946 డిసెంబరులో తీర్పిచ్చింది. అందులో ఒక నిందితుడు చాలా చెప్పాడు. చెరువు మూల దగ్గర కాపు కాశామని, ఇద్దరిని కొట్టి చంపామని, కోటయ్యే పురమాయించాడని, ఈటెనూ తన కర్రనూ ఊళ్లో ఒకరి గడ్డివామిలో దాచానని, వస్తే చూపిస్తానని. వామిలో దాచాను, చూపిస్తాను అన్న రెండు మాటలే ఉంచి మిగతాదంతా తీసేశారు. ఈటె దొరికితే, అది అక్కడుందని అతనికి తెలుసన్నది రుజువవుతుంది. దానితో ఎవరిని పొడిచారన్నది కాదు. దానికి చూసినవాళ్లో, ల్యాబ్ రిపోర్టో వేరే కావాలి.

నజీర్: సార్, బండి దొంగతనం కేసని మా బావమరిదిని తీసుకెళ్లి రెండు తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఉద్యోగం పోతుందా?

భాస్కరరావు: దర్యాప్తులో పోలీసులు రాసుకునే వాంగ్మూలం మీద చెప్పినవారి సంతకం తీసుకోకూడదని చట్టంలోనే ఉంది నజీర్ గారూ. తెల్లకాగితాల సంగతి లాయర్ ద్వారా వెంటనే మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా చెప్పండి. ఆలస్యమైతే తర్వాత అల్లిన కథంటారు. ఉద్యోగం మాత్రం వేరే విషయం. డిపార్ట్‌మెంట్ ఎంక్వైరీలో సాక్ష్య చట్టాన్ని ఇంత గట్టిగా పాటించరు.

సుబ్బారావు (రిటైర్డ్ ఎస్సై): మావాళ్ల తప్పు ఎక్కడుందో చెబుతాను. చాలాసార్లు వస్తువు నిజంగానే నిందితుడే చూపిస్తాడు. కానీ కాగితం పని ముందే స్టేషన్‌లో అయిపోతుంది. తర్వాత పంచ్‌లను, అంటే రికవరీకి సాక్షులుగా ఉండాల్సిన బయటివాళ్లను, పిలిచి సంతకాలు పెట్టిస్తారు. వాళ్లు కోర్టులో ‘మమ్మల్ని స్టేషన్‌కే పిలిచారు, ఎక్కడికీ వెళ్లలేదు’ అనగానే నిజమైన రికవరీ కూడా పోతుంది. పంచ్‌లు ముందు రావాలి, వాళ్ల ఎదుట నిందితుడు అన్న మాట అన్నట్టే రాయాలి, ఆ తర్వాతే అందరూ కలిసి బయల్దేరాలి. 2022లో సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది.

భాస్కరరావు: క్రాస్ ఎగ్జామినేషన్‌లో మేం పట్టుకునేదీ అదే. నలుగురు నిందితుల వాంగ్మూలాలు ఒకే వాక్యాలతో ఉంటాయి. కామా కూడా మారదు. జీపు ఎక్కడ ఎక్కారో పంచ్ చెప్పలేడు. కత్తి దొరికిన చోటు అందరూ తిరిగే కాలువగట్టు అయితే, అక్కడుందని నిందితుడొక్కడికే తెలుసని ఎలా నమ్ముతాం?

కిరణ్: మరి వీడియో తీస్తే ఈ గొడవలన్నీ పోతాయి కదా?

భాస్కరరావు: రికార్డింగ్ కొత్తదేమీ కాదు. ఉగ్రవాద కేసుల కోసం తెచ్చిన టాడా చట్టంలో ఎస్పీ స్థాయి అధికారి టేపు మీద రికార్డు చేసిన ఒప్పుకోలూ చెల్లేది. ఆ చట్టం 1995లో ముగిసిపోయింది. కెమెరా పెట్టకముందు గదిలో ఏం జరిగిందో టేపు చెప్పదు. నిజంగా మనస్ఫూర్తిగా చెప్పాలనుకుంటే మేజిస్ట్రేటు దగ్గరికి తీసుకెళ్లే దారి ఉంది. ‘చెప్పాల్సిన పనిలేదు, చెబితే నీకే వ్యతిరేకంగా వాడవచ్చు’ అని ఆయన ముందే హెచ్చరిస్తారు. చెప్పనని వెనక్కి తగ్గితే మళ్లీ పోలీసు కస్టడీకి ఇవ్వకూడదు. నా దృష్టిలో అసలు రక్షణ ఇది. తిరిగి అదే గదికి పంపరన్న నమ్మకం లేకపోతే ఎవడు నిజం చెబుతాడు?

సుబ్బారావు: అరెస్టు నిమిషం నుంచి ఆపకుండా రికార్డు చేస్తే?

భాస్కరరావు: అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఒప్పుకోలు చెల్లాలని మాత్రం అప్పుడూ అనను. ఆ రికార్డు నిందితుడి లాయర్‌కు అందాలి, మధ్యలో గంట ఖాళీ వస్తే దానికి జవాబుదారీ ఎవరో ఉండాలి.

కిరణ్: చనిపోయినవాళ్ల ఇంటివాళ్లకు ఇదంతా ఎలా చెబుతాం సార్? వాడే ఒప్పుకున్నాడని టీవీలో విన్నారు వాళ్లు.

శ్రీలత: అసలు ఆ ప్రెస్‌మీట్‌లో ఒప్పుకోలు గురించి చెప్పకుండా ఆపే నిబంధన ఏదైనా ఉందా?