బాడుగ పెంపు నోటీసు: "పెంచబడినది" తీసేసి ఏం రాయాలి?

వేదాయపాలెం, నెల్లూరు (అడిగినది):
మా మామ ఇంట్లో నాలుగు పోర్షన్లు బాడుగకు ఇచ్చున్నాడు. బాడుగ పెంచుతూ నోటీసు రాసి, గేటుకు అంటించమని నా చేతికిచ్చాడు. ఉంటున్నవాళ్లు ఏళ్లుగా సరిగ్గా కడుతున్నవాళ్లే, వాళ్లకి ఇలాంటిది చూపించడానికి నాకు మనసొప్పలేదు. మార్చి రాసిస్తానంటే సరేనన్నాడు. ఉన్నదున్నట్టు పెడుతున్నా:

> అద్దెదారులకు హెచ్చరిక. జనవరి నుండి అద్దె 10 శాతం పెంచబడినది. చెల్లించలేనివారు వెంటనే ఖాళీ చేయవలెను. ఎటువంటి వాదనలకు తావు లేదు. ఇట్లు, యజమాని.

ఇప్పుడు డిసెంబరు నడుస్తోంది. మర్యాదగా ఉండాలి, అలాగని మామ బతిమాలుతున్నట్టూ ఉండకూడదు.

ఒంగోలు:
సులువే అన్నా. "చేయవలెను" ఉన్నచోటల్లా "చేయగలరు" పెట్టు, పైన "దయచేసి" తగిలించు, అయిపోతుంది. ఆఫీసు కాగితాలన్నీ అలాగే ఉంటాయి. గడువు గురించి టెన్షన్ పడొద్దు, చట్టం ప్రకారం 15 రోజుల ముందు చెప్తే చాలు.

దర్గామిట్ట, నెల్లూరు:
మా ఓనరు అయితే నోటీసు కూడా ఇవ్వలేదు. ఖాళీ చేసేటప్పుడు సున్నాల ఖర్చని చెప్పి అడ్వాన్సులో సగం పట్టుకున్నాడు. దానికి కేసు వెయ్యొచ్చా, ఎవరైనా చెప్పండి.

కావలి, రిటైరైన తెలుగు మాస్టారు:
అమ్మా, అడ్వాన్సు సంగతికి వేరే పోస్టు పెట్టండి, ఇక్కడ అడిగింది నోటీసు రాత గురించి. ఒంగోలు తమ్ముడికి ఒక మాట. "దయచేసి వెంటనే ఖాళీ చేయగలరు" అని ఒకసారి పైకి చదువు. బెదిరింపు ఎక్కడికీ పోలేదు, పైన పొడి చల్లినట్టు ఉంది. "గలరు" వాడుక తప్పని అనను, కానీ వాక్యం మోస్తున్న విషయం మారకుండా చివరి క్రియ ఒక్కటే మారిస్తే మర్యాద రాదు.

నాకు ఇందులో ముందు కనపడ్డ లోటు "జనవరి నుండి". జనవరి నెల బాడుగ పెరిగిందా, జనవరిలో కట్టే డిసెంబరు బాడుగ పెరిగిందా? నెల గడిచాక కట్టే ఇళ్లల్లో ఇది ఒక నెల పెంపు తేడా. ఇద్దరూ తమకు అనుకూలంగా చదువుకుంటారు, గొడవ అక్కడ మొదలవుతుంది. తర్వాతది "10 శాతం". దేని మీద? బాడుగ ఎంత, మెయింటెనెన్స్ ఎంత?

వేదాయపాలెం:
కింది పోర్షన్‌కు 9,000, మెయింటెనెన్స్ 500. నెల గడిచాక 5వ తేదీలోపు కడతారు మాస్టారూ.

కావలి మాస్టారు:
చూడు. 9,000 మీద అయితే 900 పెరుగుతుంది, మెయింటెనెన్స్‌తో కలిపి 10,400. మొత్తం 9,500 మీద లెక్క వేస్తే 10,450. యాభై రూపాయలే, కానీ ప్రతి నెలా యాభై. శాతం తీసేసి రూపాయల్లో రాయమను. పాతది ఎంత, కొత్తది ఎంత, చేతికి ఇవ్వాల్సింది మొత్తం ఎంత.

"పెంచబడినది" కూడా పోవాలి. ఎవరు పెంచారో ఆ మాట చెప్పదు, ప్రభుత్వం పెంచినట్టు వినిపిస్తుంది. పెంచింది మీ మామ, "పెంచుతున్నాను" అని తన పేరుతో రాయమను.

స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు:
మా అత్తగారి బిల్డింగు లెక్కలు నేనే చూస్తాను కాబట్టి రెండు మాటలు. ఒంగోలు అన్న చెప్పిన 15 రోజులు ఉన్నమాటే, కానీ అది ఆస్తి బదిలీ చట్టం 1882లో 106వ సెక్షన్, నెలనెలా ఉంటున్నవాళ్ల బాడుగ ఒప్పందాన్ని ముగించడానికి ఇచ్చే నోటీసు గడువు. బాడుగ పెంచడానికి పెట్టిన గడువు కాదది. అసలు బాడుగ అనేది ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం, ఒకవైపు నుంచి "పెంచబడినది" అని రాసినంత మాత్రాన అవతలివాళ్లు ఒప్పుకున్నట్టు కాదు. అందుకే "సమ్మతమైతే చెప్పండి" అనే వాక్యం కావాలి, అది మర్యాదకి పెట్టేది కాదు.

ఇంకోటి, అగ్రిమెంట్లు ఉన్నాయా? మనవాళ్లు మామూలుగా 11 నెలలకు రాసుకుంటారు కదా. ఎవరిదైనా మధ్యలో నడుస్తుంటే, అందులో పెంపు మాట లేకపోతే, గడువు అయిపోయేదాకా పాత బాడుగే.

వేదాయపాలెం:
పైన ఒకరిది మార్చి దాకా ఉందక్కా. మామకు చెప్తే కాసేపు గొణిగి సరేనన్నాడు. మిగతావాళ్లకీ జనవరి వద్దు, ఫిబ్రవరి బాడుగ నుంచి చేద్దామని ఒప్పించా. కానీ "మెత్తగా రాస్తే బేరానికి వస్తారు, ఈ మొత్తం నేను తగ్గించను" అంటున్నాడు.

కావలి మాస్టారు:
తగ్గించనన్నది నిజమైతే ఆ మాటే రాయమను, అందులో అమర్యాద లేదు. "మాట్లాడుకుందాం రండి" అని రాసి, తీరా వచ్చాక కుదరదంటే అది ఎక్కువ బాధ. "వాదనలకు తావు లేదు" అనేది మాత్రం తీసెయ్యి, ఎవరూ వాదించకముందే వాదిస్తారని నింద వేస్తోంది. "హెచ్చరిక" కూడా అంతే, వాళ్లు చేసిన తప్పేమిటి?

స్టోన్‌హౌస్‌పేట:
గేటుకు అంటించొద్దు. ఒక్కో పోర్షన్‌కు ఒక్కో బాడుగ, అందరిదీ అందరూ చదువుతారు. తలా ఒక కాగితం ఇచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం తీసుకో. అడ్వాన్సు పెరుగుతుందో లేదో కూడా రాయి, లేకపోతే ఆ రాత్రే అందరూ ఫోన్లు చేస్తారు.

వేదాయపాలెం:
అన్నీ కలిపి కింది పోర్షన్‌కు ఇలా రాశా:

> నమస్కారం. మీరు ఉంటున్న కింది పోర్షన్ బాడుగ ఫిబ్రవరి నెల నుంచి పెంచాలనుకుంటున్నాను. ఇప్పుడు నెలకు 9,000 రూపాయలు. ఫిబ్రవరి నెలకు, అంటే మార్చి 5వ తేదీలోపు మీరు కట్టేది, 9,900 అవుతుంది. మెయింటెనెన్స్ 500లో మార్పు లేదు, మొత్తం 10,400. డిసెంబరు, జనవరి నెలలకు పాత బాడుగే ఇవ్వండి. అడ్వాన్సు పెంచడం లేదు.
>
> నీళ్ల మోటారు మార్చడానికి, మేడమీద కారుతున్న చోట బాగు చేయించడానికి ఈ ఏడాది ఖర్చయింది.
>
> ఈ మొత్తం బాగా ఆలోచించి అనుకున్నది, ఇంతకంటే తగ్గించలేను. మీకు సమ్మతమో కాదో జనవరి 10వ తేదీలోపు చెప్పండి. ఇల్లు మారాలనుకుంటే వెతుక్కోవడానికి మార్చి నెలాఖరు దాకా పాత బాడుగకే ఉండొచ్చు. ఖాళీ చేసిన రోజు కరెంటు బిల్లు చూసుకుని మిగతా అడ్వాన్సు ఇచ్చేస్తాను. ఏదైనా అడగాలంటే సాయంత్రం పూట ఇంటికి రండి, లేదా ఫోన్ చేయండి.

కింద మామ పేరు, సంతకం, తేదీ, ఫోన్ నంబరు. అగ్రిమెంటు నడుస్తున్నవాళ్లకు నెలలు మార్చి వేరేగా రాస్తా.

ఒంగోలు:
బాగుంది, కానీ పొడుగైంది అన్నా. పైగా "బాడుగ" ఏంది, కాగితం మీద "అద్దె" అంటేనే గౌరవంగా ఉంటుంది. మా వైపు అద్దే అంటాం.

స్టోన్‌హౌస్‌పేట:
ఇక్కడ ఇచ్చేవాళ్లూ పుచ్చుకునేవాళ్లూ అనేది బాడుగే. అగ్రిమెంటులో "అద్దె" అని ఉంటే మాత్రం అదే పెట్టు, రెండు కాగితాల్లో రెండు మాటలు వద్దు. పొడుగు ఫరవాలేదు, ఇందులో ఏ వాక్యం తీసినా దాని గురించి ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

కావలి మాస్టారు:
ఒక్క వాక్యం తీయొచ్చు, ఆ మోటారు ఖర్చు. కారణం చెప్తే లెక్క చూపించమంటారు, ఖర్చు ఒక్కసారిది, పెంపు ఎప్పటికీ ఉండేది. చుట్టుపక్కల బాడుగలు పెరిగాయనేదే అసలు కారణమైతే అదే రాయాలి, లేదా ఏమీ రాయకూడదు.

స్టోన్‌హౌస్‌పేట:
నేను ఒప్పుకోను మాస్టారూ. కారణం లేకుండా అంకె ఒక్కటే చూస్తే ఎవరికైనా కోపం వస్తుంది. కారిన చోటు బాగుచేయించింది వాళ్లు కళ్లతో చూసిందే కదా.

వేదాయపాలెం:
మామనే అడిగా. మోటారుకు అయింది తక్కువే, అసలు సంగతి పక్క వీధిలో 11,000 పలుకుతోందనే అన్నాడు. అలాగైతే అదే రాద్దామంటే, "రాస్తే నన్ను ఆశపోతు అనుకోరా" అంటున్నాడు. ఆ వాక్యం ఇంకా తేల్చలేదు, మిగతాది మొత్తం ఒప్పుకున్నాడు.