నాన్నగారి ఫోన్లో ఎస్‌ఓఎస్: 112కి కాల్ కూడా పెట్టాలా, మనవాళ్లకి మెసేజ్ చాలా?

కొబ్బరాకు: మా నాన్నగారు కోటిపల్లి దగ్గర లంక పొలానికి పడవలో ఒక్కరే వెళ్తారండి. ఆండ్రాయిడ్ ఫోను. పవర్ బటన్ 5 సార్లు నొక్కితే నాకూ మా బాబాయికీ లొకేషన్ మెసేజ్ వెళ్లేలా పెడుతున్నాను. అదే నొక్కుడికి 112కి కూడా కాల్ వెళ్లాలా, అది తీసేయాలా?

పంటురేవు: తీసేయండి. చొక్కా జేబులో ఫోను, పైన తువ్వాలు, చేతిలో తెడ్డు. బటన్ దానంతటదే నొక్కుకుపోతుంది. రెండుసార్లు ఉత్తినే కాల్ వెళ్లిందంటే ఆయనే విసుగెత్తి మొత్తం ఆపేయిస్తారు. మెసేజ్ మీకొస్తే మీరు 112కి చేయొచ్చు కదా.

సిగ్నల్‌మేస్త్రి: ఆ "మెసేజ్ మీకొస్తే" దగ్గరే ఉంది చిక్కంతా. మనవాళ్లకి వెళ్లేది మామూలు ఎస్సెమ్మెస్సు. ఆయన సిమ్ కంపెనీ టవర్ అందాలి, రీఛార్జి గడువు ఉండాలి, ఆ ప్యాకులో ఎస్సెమ్మెస్ ఉండాలి. 112 కాల్‌కి ఇవేవీ అక్కర్లేదు. తన కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ అందే ఇంకో కంపెనీ టవర్ మీద వెళ్తుంది. తెర మీద `Emergency calls only` అని ఉందంటే అర్థం అదే: ఆ క్షణాన కాల్ వెళ్తుంది, మీకు మెసేజ్ రాదు. లంకల్లో ఒక కంపెనీ సిగ్నల్ పోయి ఇంకోటి మిగలడం మామూలే కాబట్టి నేనైతే కాల్ ఉంచుతాను.

జేబు నొక్కుళ్ల సంగతి: నొక్కగానే కాల్ పోదు, ముందు కొన్ని సెకన్లు లెక్కపెడుతుంది. `Settings`లో `Safety & emergency`, అందులో `Emergency SOS` తెరిచి, ఆ లెక్కకి శబ్దం ఆన్ చేయండి. కూత వినపడితే ఆయనే రద్దు చేసుకుంటారు. కొన్ని ఫోన్లలో తెర మీద వేలు అదిమి ఉంచితేనే మొదలయ్యే పద్ధతి కూడా ఉంటుంది గానీ తడి చేతులకి అది నమ్మకం కాదు.

గోదారిగట్టు: ఇంత గొడవెందుకు, వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టుకోమనండి. లొకేషన్ ఆన్‌లో ఉంటే చాలు, సరిగ్గా చూపిస్తుంది.

సిగ్నల్‌మేస్త్రి: సగం నిజం. వాట్సాప్‌కి డేటా కావాలి. ఇక "సరిగ్గా" అంటారా? ఆకాశం కనపడే చోట జీపీఎస్ కొన్ని మీటర్ల తేడాలో చెబుతుంది. కానీ డేటా లేకుండా, చాలాసేపటి తర్వాత లేచిన జీపీఎస్‌కి ఉపగ్రహాలు దొరకడానికి నిమిషాలు పట్టొచ్చు. ఈలోపు ఫోను టవర్‌ని బట్టి అంచనా వేస్తే తేడా కిలోమీటర్లలోకి పోతుంది. ఊళ్లో అయితే పక్క వీధి అనుకుంటాం. ఇక్కడ మనిషి కోటిపల్లి వైపు లంకలో ఉంటే మ్యాపు అవతలి ముక్తేశ్వరం గట్టు చూపించొచ్చు. పంటు తిరగని వేళ అయితే యానాం–ఎదుర్లంక వారధి మీదుగా చుట్టు తిరిగి రావాలి. అందుకే మొదటి మెసేజ్ చూసి బయల్దేరిపోవద్దు. ఫోన్ చేసి ఏ గట్టో అడగండి, తర్వాత వచ్చే మెసేజ్‌లతో పోల్చండి.

కొబ్బరాకు: మా బాబాయిది బటన్ల ఫోనండి. మెసేజ్‌లో వచ్చే మ్యాపు లింకు తెరుచుకోదు. ఆయన పేరు పెట్టడం దండగేనా?

సిగ్నల్‌మేస్త్రి: దండగ కాదు. లింకులో అంకెలు కనిపిస్తే చాలు. ఉదాహరణకి `16.6912,82.0583` లాంటివి. ముందుది ఉత్తర దక్షిణాలు, తర్వాతది తూర్పు పడమరలు. ఆ అంకెలు మీకో, 112 వాళ్లకో చదివి వినిపిస్తే మ్యాపులో కొట్టుకుంటారు. చుక్క తర్వాత నాలుగో అంకె ఒకటి అటూ ఇటూ అయితే పదకొండు మీటర్లే తేడా, రెండో అంకె ఒకటి అటూ ఇటూ అయితే కిలోమీటరు దాటుతుంది. కొన్ని ఫోన్లు అంకెల్లేని పొట్టి లింకు పంపుతాయి. మీది ఏ రకమో ముందే పంపించి చూడండి.

కోనసీమకోడలు: నాది ఐఫోను. మెసేజ్ ఒక్కటే వెళ్లేలా పెట్టే చోటు ఎంత వెతికినా దొరకట్లేదు, ఎక్కడుంది?

పంటురేవు: అమ్మా, ఇక్కడ ఆండ్రాయిడ్ సంగతి నడుస్తోంది. అయినా ఐఫోనులో అలా విడిగా లేదు. ముందు ఎమర్జెన్సీ కాల్, అది ముగిశాకే `Medical ID`లో పెట్టుకున్న వాళ్లకి మెసేజ్.

మేస్త్రిగారూ, టవర్ మాట ఒప్పుకుంటాను. కానీ కాల్ కలిశాక ఆయన మాట్లాడే స్థితిలో లేకపోతే? "ఎక్కడున్నారు" అని అవతలివాళ్లు అడుగుతూనే ఉంటారు. కొన్ని ఫోన్లలో 112 తీసేసి మన నంబరు పెట్టుకోవచ్చు. కొడుకు ఎత్తితే నాన్న ఏ లంకలో ఉంటాడో తెలుసు.

సిగ్నల్‌మేస్త్రి: కొడుకు నంబరు పెడితే అది మామూలు కాల్ అయిపోతుంది. పక్క కంపెనీ టవర్ దాన్ని మొయ్యదు. దేనికోసం కాల్ ఉంచమన్నానో అదే పోతుంది.

పంటురేవు: సిగ్నల్ ఉన్న రోజులే ఎక్కువ కదండీ.

కొబ్బరాకు: ఆదివారం కాల్ ఆపి, మెసేజ్ ఒక్కటే ఉంచి లంక నుంచే నొక్కించి చూస్తాను. రెండు సిమ్ములున్నాయి, ఏదైనా మార్చాలా?

సిగ్నల్‌మేస్త్రి: ఎస్సెమ్మెస్‌కి "ప్రతిసారీ అడుగు" అని ఉంటే మార్చి ఒక సిమ్ ఖాయం చేయండి. లేకపోతే ఏ సిమ్ అని అడుగుతూ మెసేజ్ తెర మీదే ఆగిపోవచ్చు. ఇంట్లో వైఫై దగ్గర చూస్తే సిగ్నల్ చిక్కులు బయటపడవు, పడవ దిగిన చోటే నొక్కించండి. చూశాక కాల్ మళ్లీ ఆన్ చేస్తారో లేదో మీ ఇష్టం, పంటురేవుగారు ఎలాగూ ఒప్పుకోరు.