హిమోగ్లోబిన్ 11.2 ఉన్నా ఐస్ నమలాలనిపిస్తోంది, ఐరన్ తక్కువేనా?

నాకు ఇప్పుడు ఆరో నెల. కొన్ని వారాలుగా ఐస్ ముక్కలు కరకరా నమలకపోతే మనసు ఊరుకోవడం లేదు, రాత్రి లేచి మరీ తింటున్నాను. ఈమధ్య తడిమట్టి వాసనకి కూడా నోరూరుతోంది. తినలేదు, కానీ తినేస్తానేమోనని టెన్షన్. మట్టిలో సీసం, నులిపురుగుల గుడ్లు ఉండొచ్చని, కొన్ని రకాల మట్టి కడుపులోని ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదని తెలుసు.

ఇంట్లోవాళ్లు వేవిళ్లే అంటున్నారు. రిపోర్టులో హిమోగ్లోబిన్ 11.2 ఉంది, బాగానే ఉందన్నారు. అయితే ఒంట్లో ఐరన్ నిల్వలు ముందు తగ్గి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడుతుందట. నిల్వలు చెప్పేది ఫెర్రిటిన్ పరీక్ష, అది 30 కంటే తక్కువైతే లోపమనే చూస్తారట. నాకు ఆ పరీక్ష రాయలేదు.

మీలో ఎవరికైనా హిమోగ్లోబిన్ బాగుండి ఫెర్రిటిన్ మాత్రమే తక్కువ వచ్చిందా? ఐరన్ మోతాదు పెంచాక ఈ కోరిక ఎన్నాళ్లకి తగ్గింది? హిమోగ్లోబిన్ పెరగకముందే పోతుందంటారు, నిజమేనా? ఐస్ సంగతి డాక్టరుగారికి ఇంకా చెప్పలేదు, వచ్చే చెకప్‌లో చెప్పి ఫెర్రిటిన్ అడుగుదామనుకుంటున్నాను. ఇంకేమైనా పరీక్ష అడగాలా?