180 యూనిట్ల ఇంటికి 640 యూనిట్ల బిల్లు: కనెక్షన్ తీయకుండా మీటరు టెస్టు ఎలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో ఇల్లు. ఎప్పుడూ 180 యూనిట్లు దాటని కరెంటు బిల్లు ఈసారి 640 చూపించింది. బిల్లులోని రీడింగు మీటరుతో సరిపోయింది, కాబట్టి రీడింగ్ తీసినాయన తప్పేమీ లేదు. అయితే ఇంటి మెయిన్ ఆఫ్ చేసినా మీటరు మీది ఎర్ర లైటు మిణుకుతూనే ఉంది. అంటే మీటరైనా చెడి ఉండాలి, మీటరుకీ మెయిన్‌కీ మధ్య ఎవరైనా వైరు కలిపి ఉండాలి.

విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం, బిల్లు మొత్తం గానీ గత ఆరు నెలల సగటు గానీ, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కడితే, వివాదం తేలేదాకా సరఫరా ఆపకూడదు. కౌంటర్లో మాత్రం మొత్తం కట్టమంటున్నారు.

సగటు కట్టించుకునేలా ఏఈ గారికి అర్జీ ఎలా రాయాలి? పక్కన చెక్ మీటరు పెట్టమనాలా, నేరుగా ల్యాబ్ టెస్టే అడగాలా? చేయించినవాళ్లు చెప్పండి.